ఆ బోర్డు ఎవరితో మాట్లాడుతోంది?

తెలుగు అక్షరాలున్న బోర్డు కనబడగానే ఆ ఫొటో మన ప్రాంతానిదే అనుకుంటాం. ఆ అక్షరాలు భీమవరం బజారులోనూ ఉంటాయి, హైదరాబాద్ అమీర్‌పేటలోనూ ఉంటాయి, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో సంక్రాంతి సంబరాలు జరిగే హాల్లోనూ ఉంటాయి. తెలంగాణ నుంచి నేత పనికి వెళ్లిన పద్మశాలీలు తరాలుగా స్థిరపడిన షోలాపూర్, భివండీ వీధుల్లోనూ కనిపిస్తాయి. వాట్సాప్‌లో తిరిగే ఫొటోకు ఎవరో ఒక ఊరి పేరు తగిలిస్తారు. నీళ్లలో మునిగిన వీధి అయితే హైదరాబాద్ అంటారు, శుభ్రంగా ఉన్న వీధి అయితే అమెరికా అంటారు. అది నిజమో కాదో చాలాసార్లు ఫొటోలోని బోర్డులే చెప్పేస్తాయి, వాటిని ఓపికగా చదివితే.

చదవడమంటే అక్షరాలు కూడబలుక్కోవడం కాదు. బోర్డు రాయించే మనిషి తన బోర్డును ఎవరు చదువుతారో ముందే ఒక లెక్క వేసుకుంటాడు. చదివేవాళ్లకు ఏం తెలుసో అది రాయడు, ఏం తెలియదో అది రాస్తాడు. చిన్న ఊళ్లో అందరికీ తెలిసినది మహానగరంలో ఎవరికీ తెలియదు. విదేశంలో అయితే దారి చెప్పే పని, ధర చెప్పే పని వేరే భాష చూసుకుంటుంది, తెలుగుకు వేరే పని అప్పగిస్తారు. కాబట్టి ఫొటో చేతికి రాగానే నేను వేసుకునే మొదటి ప్రశ్న ‘ఇది ఏ ఊరు’ అని కాదు, ‘ఈ బోర్డు ఎవరితో మాట్లాడుతోంది’ అని.

ఊరివాళ్లతో మాట్లాడే బోర్డు

చిన్న పట్టణంలో దుకాణం బోర్డు మీద చిరునామా చాలా పొట్టిగా ఉంటుంది. ‘బస్టాండ్ ఎదురుగా’ అంటారు, ఏ బస్టాండో చెప్పరు. ఉన్నది ఒక్కటే కదా. ‘పాత సినిమా హాలు పక్కన’ అంటారు. ఆ హాలు మూతపడి ఏళ్లయినా సరే, ఊళ్లో వాళ్లకు ఆ గుర్తు చాలు. ‘ప్రొ:’ అని పెట్టి యజమాని పేరు ఇంటిపేరుతో సహా రాస్తారు, ఎందుకంటే గిరాకీ వచ్చేది ఆ మనిషిని చూసి.

వైద్యుల బోర్డుల్లో ఒక గుర్తు ఉంది. అది కనబడితే ఫొటో మహానగరానిది కాదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ‘ప్రతి నెలా మొదటి ఆదివారం హైదరాబాద్ నుంచి ప్రముఖ గుండె వైద్య నిపుణులు వచ్చి చూస్తారు’ అన్న తరహా బోర్డు అది. విజయవాడ నుంచి వస్తారని ఉంటే కోస్తా జిల్లాల పట్టణం అయి ఉంటుంది, తిరుపతి నుంచో కర్నూలు నుంచో అని ఉంటే రాయలసీమ అయి ఉంటుంది. బోర్డు మీద హైదరాబాద్ అన్న పేరు పెద్దక్షరాలతో ఉంది కాబట్టి ఫొటో హైదరాబాద్‌దే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. పేరున్న ఊరు నిపుణుడిది, బోర్డున్న ఊరు రోగులది.

దుకాణాల పేర్లలో వచ్చే ఊళ్లకూ ఇదే వర్తిస్తుంది. ‘గోదావరి రుచులు’, ‘రాయలసీమ రుచులు’, ‘భీమవరం పచ్చళ్లు’ లాంటి పేర్లు ఎక్కువగా కనిపించేది ఆ ప్రాంతాలు వదిలి వచ్చినవాళ్లు ఉండే చోట, అంటే హైదరాబాద్‌లో, బెంగళూరులో, డాలస్‌లో. ‘ఆంధ్రా మెస్’ అన్న బోర్డు చెన్నై, బెంగళూరు వీధుల్లో అడుగడుగునా ఉంటుంది. గుంటూరులో మెస్ పెట్టేవాడికి ‘ఆంధ్రా’ అని ప్రత్యేకంగా చెప్పుకోవలసిన అవసరం రాదు. అలాగే ‘బెంగళూరు అయ్యంగార్ బేకరీ’ మన రెండు రాష్ట్రాల్లో మామూలు పట్టణాల్లో కూడా ఉంటుంది. ప్రసిద్ధి చెందిన సరుకుల విషయంలో మాత్రం కొంచెం జాగ్రత్త పడాలి. ఆత్రేయపురం పూతరేకులు ఆత్రేయపురంలోనే అదే పేరుతో అమ్ముతారు, తాపేశ్వరం కాజా కూడా అంతే. ఇలాంటి పేర్లను ఎటూ సాక్ష్యంగా తీసుకోకపోవడమే మేలు.

బోర్డులకంటే ఫ్లెక్సీలు ఇంకా తేలిగ్గా గుట్టు విప్పుతాయి. పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ కింద వరసగా ఫొటోలు, పేర్లు, పదవులు ఉంటాయి. పేర్లు వదిలేసి పదవులు చదవండి. సర్పంచ్, ఎంపీటీసీ, ఉప సర్పంచ్ అని ఉంటే అది పంచాయతీ. కౌన్సిలర్, ‘ఫలానా వార్డు ఇన్‌ఛార్జి’ అని ఉంటే మునిసిపాలిటీ. కార్పొరేటర్, ‘డివిజన్ అధ్యక్షులు’ అని ఉంటే నగరపాలక సంస్థ. జనాభా లెక్కలు తిరగేయకుండానే ఊరి స్థాయి తెలిసిపోతుంది. ఫ్లెక్సీ ఒక్కటే ఉంటే తొందరపడకూడదు, జాతీయ రహదారి మీద వెళ్లే మంత్రిగారికి స్వాగతం చెప్పడానికి పక్క ఊళ్ల నాయకులు కూడా కట్టించి ఉండవచ్చు. రెండు మూడు ఫ్లెక్సీల్లో ఒకే ఊరి పేరో ఒకే స్థాయి పదవులో కనబడితే నమ్మవచ్చు.

ఫోన్ నంబరు చెప్పే ఊరి సైజు

ఇప్పుడు ల్యాండ్‌లైన్ వాడేవాళ్లు తక్కువే అయినా పాత ఆసుపత్రులు, బంగారం కొట్లు, రైస్ మిల్లులు, విత్తనాల దుకాణాల బోర్డుల మీద ఆ నంబరు ఇంకా మిగిలే ఉంది. మన దేశంలో ముందుండే సున్నా తీసేస్తే ఊరి కోడు, ఫోన్ నంబరు కలిపి పది అంకెలు రావాలి. పెద్ద నగరంలో కనెక్షన్లు ఎక్కువ కాబట్టి నంబరుకు ఎక్కువ అంకెలు కావాలి, అందుకే కోడును చిన్నగా ఉంచారు. చిన్న ఊరికి నంబరు పొట్టిగా ఉన్నా సరిపోతుంది కాబట్టి కోడు పొడుగైంది. హైదరాబాద్ కోడు 040, ఆ వెనక ఎనిమిది అంకెలు. విజయవాడ 0866, విశాఖపట్నం 0891, వరంగల్ 0870. వీటి వెనక ఏడేసి అంకెలు. భీమవరం 08816, నల్లగొండ 08682, శ్రీకాకుళం 08942. వీటి వెనక ఆరే.

అందువల్ల ఫొటో మసగ్గా ఉండి అంకెలు సరిగా కనబడకపోయినా ఫర్వాలేదు. గీతకు ముందు ఎన్ని అంకెలున్నాయి, తర్వాత ఎన్ని ఉన్నాయి అని లెక్కపెట్టగలిగితే అది మహానగరమా, పెద్ద పట్టణమా, చిన్న పట్టణమా అన్నది తెలుస్తుంది. అంకెలు స్పష్టంగా ఉంటే ఊరే దొరుకుతుంది. ఒక్క చిక్కు ఏమిటంటే కంపెనీ ప్రకటనల బోర్డుల మీద ఉండేది ప్రధాన కార్యాలయం నంబరు. విత్తనాల కంపెనీ వాళ్లు రంగు వేయించి ఇచ్చిన బోర్డు మీద 040 ఉంటే ఆ ఊరు హైదరాబాద్ అయిపోదు. దుకాణం పేరు పక్కన ఉన్న నంబరే లెక్కలోకి వస్తుంది.

పిన్‌కోడ్ దొరికితే ఇంకా సులువు. 50తో మొదలైతే తెలంగాణ, అందులో 500 అయితే హైదరాబాద్. 51, 52, 53 ఆంధ్రప్రదేశ్‌వి. 515 అనంతపురం, 522 గుంటూరు, 534 పశ్చిమ గోదావరి వైపు, 532 శ్రీకాకుళం.

చిరునామా రాసే తీరులోనూ ప్రాంతం తెలుస్తుంది. తెలంగాణలో ఇంటి నంబరు అని రాస్తారు, ఆంధ్రలో ఎక్కువగా డోర్ నంబరు అంటారు. నాలుగు దారులు కలిసే చోటును తెలంగాణ పట్టణాల్లో చౌరస్తా అంటే, కృష్ణా గుంటూరు వైపు సెంటర్ అంటారు, విశాఖలో జంక్షన్ అంటారు, రాయలసీమలో సర్కిల్ అంటారు. విశాఖలో జగదాంబ జంక్షన్, తిరుపతిలో లీలామహల్ సర్కిల్, హైదరాబాద్‌లో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ అందరి నోళ్లలో నానే పేర్లే. విజయవాడలో బెంజ్ సర్కిల్ ఉంది కాబట్టి దీన్ని నియమంగా కాక మొగ్గుగానే తీసుకోవాలి. ప్రభుత్వ బోర్డులు ఇంకొంచెం గట్టి సాక్ష్యం. ‘బస్తీ దవాఖానా’, ‘పల్లె దవాఖానా’, ‘రైతు వేదిక’ అని ఉంటే తెలంగాణ. ‘గ్రామ సచివాలయం’, ‘వార్డు సచివాలయం’, ‘అన్న క్యాంటీన్’ అని ఉంటే ఆంధ్రప్రదేశ్. సచివాలయాలు మొదలైంది 2019 అక్టోబరులో కాబట్టి ఆ బోర్డు ఫొటో కాలాన్ని కూడా కొంత పట్టిస్తుంది.

నగరంలో బోర్డు అపరిచితుడితో మాట్లాడుతుంది

హైదరాబాద్‌లో దుకాణం వెతుక్కుంటూ వచ్చేవాడికి ఆ వీధి కొత్త. అందుకే బోర్డు మీద పేట పేరు, కాలనీ పేరు, దగ్గర్లోని స్టేషన్ పేరు వరసపెట్టి ఉంటాయి. 2009లో పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే, 2017లో మెట్రో వచ్చాక ‘పిల్లర్ నంబరు ఫలానా దగ్గర’ అని రాయడం అక్కడ అలవాటైంది. తెలుగు బోర్డు మీద పిల్లర్ నంబరు చిరునామాగా కనబడిందంటే నేను ఇంక వేరే ఊరి వైపు చూడను. మన రెండు రాష్ట్రాల్లో మెట్రో రైలు ఉన్న నగరం అదొక్కటే.

నగరంలో తెలుగు ఎక్కడుందన్నది కూడా చూడాలి. పెద్ద షాపుల ముందు ఇంగ్లీషు పేరు భారీగా వెలుగుతూ ఉంటుంది, తెలుగులో అదే పేరు పై మూలనో కింది అంచునో సన్నటి పట్టీగా ఉంటుంది. బోర్డు మీద తెలుగు ఉండాలన్న నియమం కోసం పెట్టిందే తప్ప చదివించడం కోసం పెట్టింది కాదది. అదే వీధిలో గోడ మీద చేత్తో రాసిన తెలుగు మాత్రం చదివించడానికే రాసింది. ‘ఇచ్చట వాహనములు నిలుపరాదు’, ‘పోస్టర్లు అంటించరాదు’, ‘గది అద్దెకు ఇవ్వబడును, బ్యాచిలర్లకు లేదు’. సికింద్రాబాద్, హైదరాబాద్ స్టేషన్ల పసుపు బోర్డుల మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషుతో పాటు ఉర్దూ కూడా ఉంటుంది. ఆంధ్ర స్టేషన్లలో మామూలుగా మూడు భాషలే. పాతబస్తీలో దుకాణాల మీద కూడా ఉర్దూ ధారాళంగా కనిపిస్తుంది.

నగరం శివార్లు వచ్చేసరికి ఈ తేడాలు చెరిగిపోతాయి. ఘట్‌కేసర్ బజారులోనో పటాన్‌చెరు పాత ఊళ్లోనో తీసిన ఫొటో మామూలు మండల కేంద్రంలాగే ఉంటుంది. అక్కడ బోర్డు ఊరివాళ్లతోనూ మాట్లాడుతుంది, కొత్తగా వచ్చిన అపార్ట్‌మెంట్ల వాళ్లతోనూ మాట్లాడుతుంది. పాత కిరాణం బోర్డు పక్కనే వెంచర్ల ప్రకటన, ప్లేస్కూలు బోర్డు, రెండు మూడు ఫుడ్ డెలివరీ బండ్లు ఒకే ఫ్రేములో ఉంటే నేను శివారు అన్న వైపు మొగ్గుతాను. మొగ్గు వరకే, ఖాయం చేయడానికి ఇంకో ఆధారం కావాలి.

ఒక ఫొటోను విప్పి చూద్దాం

ఇలాంటి ఫొటో ఒకటి మీ ఫోన్లోకి వచ్చిందనుకోండి. మోకాలి లోతు నీళ్లు, రెండు వైపులా దుకాణాలు, మధ్యలో ఒక బస్సు, కింద ‘నిన్న రాత్రి అమీర్‌పేట పరిస్థితి’ అన్న మాట. హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వరదలు చూసినవాళ్లెవరూ దీన్ని అనుమానించరు. అందుకే ఇలాంటి అబద్ధం చెల్లుబాటవుతుంది.

ముందుగా బండ్లు చూద్దాం. నీళ్లలో ఆగిపోయిన మూడు బైకుల్లో రెండింటి మీద ఏపీ 37, ఒకదాని మీద ఏపీ 39 కనిపిస్తున్నాయి. వెనక ఒక కారు మీద టీఎస్ 07. ఉమ్మడి రాష్ట్రంలో 37 పశ్చిమ గోదావరి జిల్లా సంఖ్య. ఏపీ 39 అనేది 2019 నుంచి ఆంధ్రప్రదేశ్ మొత్తానికీ కలిపి ఇచ్చిన సిరీస్, దాన్నిబట్టి జిల్లా తెలియదు. టీఎస్ 07 రంగారెడ్డి. చాలామంది ఇక్కడ కారును పట్టుకుని, ఇదిగో తెలంగాణ అంటారు. ఆ కారు నాలుగు వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి పండక్కి సొంతూరు వచ్చి ఉండవచ్చు. బైకులు అంత దూరం పోవు. వీధి ఊరేదో తెలుసుకోవాలంటే ద్విచక్ర వాహనాల మందను చూడాలి, కార్లను కాదు.

నంబరు ప్లేట్లలో మనవాళ్లు తరచూ పొరబడే చోటు ఒకటుంది. ఏపీ అన్న అక్షరాలు కనబడగానే ఆంధ్ర అనేస్తారు. 2014 జూన్‌కు ముందు రిజిస్టరైన తెలంగాణ బండ్లన్నిటి మీదా ఏపీయే ఉంది. ఏపీ 09 హైదరాబాద్‌ది, ఏపీ 28 రంగారెడ్డిది, ఏపీ 36 వరంగల్‌ది. పాత స్కూటర్లు ఆ ప్లేట్లతోనే ఇప్పటికీ తిరుగుతున్నాయి. టీఎస్ అంటే 2014 తర్వాతిది, టీజీ అంటే 2024 మార్చి తర్వాతిది. ఫొటోలో ఒక్క టీజీ ప్లేటు ఉన్నా అది 2020 వరద ఫొటో అయ్యే అవకాశమే లేదు.

మన ఫొటోకి మళ్లీ వద్దాం. బస్సు పల్లెవెలుగు. హైదరాబాద్ మధ్యలో ఎక్కువగా తిరిగేవి సిటీ బస్సులు. ఇది చిన్న సాక్ష్యమే. మందుల షాపు బోర్డును పెద్దది చేసి చూస్తే డోర్ నంబరు, కింద ల్యాండ్‌లైన్. గీతకు ముందు అయిదు అంకెలు, తర్వాత ఆరు. మహానగరం కాదని ఇక్కడే తేలిపోయింది. ఆ అయిదు అంకెల్లో చివరివి రెండూ 16 అని కష్టం మీద కనబడుతున్నాయి. 08816 భీమవరం. ఏపీ 37 బైకులతో ఇది అతికినట్టు కుదిరింది. ఒక దానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు ఒకే ఊరిని చూపించాయి. ఒకటి బండ్ల రిజిస్ట్రేషన్, ఇంకోటి టెలిఫోన్ శాఖ. ఆధారాలు ఎన్ని ఉన్నాయన్నదానికంటే ఇలా వేర్వేరు దారుల్లో వచ్చి కలిశాయా అన్నది ముఖ్యం. ఒకే దుకాణం బోర్డు మీదున్న పేరు, ఊరు, నంబరు మూడూ కలిసినా అవి ఒక్క ఆధారం కిందే లెక్క, ఎందుకంటే ఆ బోర్డు వేరే ఊరి బ్రాంచి వివరాలతో ఉండే అవకాశం ఉంది.

చివరి మెట్టు సరిపోల్చి చూడడం. మందుల షాపు పేరు, పక్క షాపు పేరు కలిపి భీమవరంతో పాటు ఆన్‌లైన్ మ్యాపులో వెతకాలి. గూగుల్ స్ట్రీట్ వ్యూ మన దేశంలో 2022 జులైలో మళ్లీ మొదలైనప్పుడు పది నగరాల్లోనే ఉంది, వాటిలో హైదరాబాద్ ఒకటి. చిన్న పట్టణంలో వీధి దృశ్యం దొరక్కపోతే మ్యాపులో ఆ షాపు కింద గిరాకీలు పెట్టిన ఫొటోలు చూడాలి. వెతకాల్సింది బోర్డును కాదు, బోర్డు మారిపోయి ఉండవచ్చు. పై అంతస్తు బాల్కనీ గ్రిల్ డిజైను, మెట్లు ఏ పక్కన ఉన్నాయి, కరెంటు స్తంభం తలుపుకు ఎంత దూరంలో ఉంది, ఇలాంటివి చూడాలి. ఇవి రెండు ఫొటోల్లోనూ కలిస్తే పని అయిపోయినట్టే.

ఫొటో ఎప్పటిదన్నది వేరే ప్రశ్న. ఊరు కనిపెట్టాం కాబట్టి ‘నిన్న రాత్రి’ అన్న మాట కూడా తేలిపోయిందనుకోకూడదు. ఏపీ 39 ఉంది కాబట్టి 2019కి ముందుది కాదు, అంతవరకే చెప్పగలం. జిల్లా పేర్లు ఇక్కడ సాయం చేస్తాయి. తెలంగాణలో 2016 అక్టోబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాయి. ప్రభుత్వ బోర్డు మీద ‘ఏలూరు జిల్లా’ అని ఉంటే అది 2022 తర్వాతే రాసింది. ప్రైవేటు దుకాణాలు మాత్రం పాత జిల్లా పేరును ఏళ్ల తరబడి మార్చవు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలో తీసిన తేదీ, స్థలం వివరాలు మిగలవు, పంపేటప్పుడే పోతాయి. తీసినవాళ్లెవరో తెలిస్తే అసలు ఫైలును డాక్యుమెంటుగా పంపమని అడగడం మంచిది.

విదేశంలో తెలుగు చేసే పని వేరు

అమెరికాలో తెలుగువాళ్ల హోటళ్లు చాలా ఉన్నాయి. వాటి బయట బోర్డు మాత్రం ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటుంది, పేరు తెలుగుదైనా సరే. తెలుగు లిపి కనబడేది గుడిలో, బతుకమ్మ వేదిక మీద, ఉగాది బ్యానరు మీద, తెలుగు బడి వార్షికోత్సవంలో. అక్కడ తెలుగు ‘స్వాగతం’, ‘శుభాకాంక్షలు’ అంటుంది. ‘చెప్పులు ఇక్కడ విడువండి’ అన్న మాట గుళ్లో ఒక్కోసారి తెలుగులో ఉన్నా, పార్కింగ్ ఎక్కడ, తలుపు ఎప్పుడు మూస్తారు, మంటలొస్తే ఎటు పోవాలి అన్నవన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. అవసరం చెప్పే భాష ఒకటి, అభిమానం చెప్పే భాష ఇంకొకటి. మన ఊళ్లో ఈ రెండు పనులూ తెలుగే చేస్తుంది. కాబట్టి ఫొటోలో తెలుగు అభిమానం మాత్రమే చెబుతూ ఉంటే, అవసరం చెప్పే భాష ఏదో వెతకండి. అది అరబిక్ అయితే గల్ఫ్. మలయ్ అయితే మలేషియా, అక్కడ పెరాక్ రాష్ట్రంలోని బాగాన్ దాతుక్‌లో తెలుగువాళ్లు తరాలుగా ఉన్నారు. కన్నడం అయితే విదేశం కాదు, బెంగళూరో బళ్లారో కావచ్చు. ఒడియా అయితే బరంపురమో రాయగడో కావచ్చు.

ఈ సరిహద్దు ఊళ్లే నాకు అన్నిటికంటే ఇష్టమైనవి, అన్నిటికంటే కష్టమైనవి కూడా. యానాం వీధి ఫొటోకూ పక్కనున్న కోనసీమ వీధి ఫొటోకూ తేడా పట్టుకోవడం దాదాపు అసాధ్యం. మాట అదే, తిండి అదే, బోర్డుల తీరూ అదే. యానాం పుదుచ్చేరిలో భాగం కాబట్టి బండ్ల మీద పీవై అని ఉంటుంది, ప్రభుత్వ కార్యాలయాల మీద పుదుచ్చేరి ప్రభుత్వం అని ఉంటుంది. అవి ఫ్రేములో పడకపోతే ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా ‘గోదావరి తీరం’ అని మాత్రమే చెప్పగలరు. అంతవరకే చెప్పి ఆగడం పద్ధతి.

అక్షరాల ముద్రణలో ఒక గుర్తు ఉంది, దాన్ని తప్పుగా వాడేవాళ్లూ ఉన్నారు. ‘స్వాగతం’ అన్న మాటలో సకారం కింద వావత్తు కుదురుకోకుండా, పొల్లు సకారం ఒకటీ దాని పక్కన విడి వకారం ఒకటీ పడతాయి. ‘శ్రీ’ విడిపోయి పొల్లు శకారంగా, పక్కన ‘రీ’గా కనబడుతుంది. తెలుగు లిపిని కూర్చడం చేతగాని సాఫ్ట్‌వేర్‌లో అచ్చు వేయిస్తే ఇలా అవుతుంది. విదేశాల్లో వేయించిన బ్యానర్లలో ఇది కనిపిస్తుంది కాబట్టి విరిగిన వత్తు అంటే విదేశం అనుకుంటారు. మన విమానాశ్రయాల్లో, వేరే రాష్ట్రంలో బోర్డులు చేయించుకునే పెద్ద కంపెనీల షాపుల్లో కూడా ఇవే తప్పులు చూస్తుంటాం. విరిగిన వత్తును బట్టి తెలిసేది బోర్డు చేసినవాడికి తెలుగు రాదని, బోర్డు పెట్టింది ఎక్కడో కాదు. మన పట్టణంలో ఫ్లెక్సీ షాపువాడు తెలుగు టైపింగ్‌లో చేయి తిరిగినవాడు. అతని తప్పులు వేరు, ఒత్తు అక్షరానికి బదులు మామూలు అక్షరం పడుతుంది, దీర్ఘం ఎగిరిపోతుంది, కానీ వత్తులు అక్షరాన్ని అంటిపెట్టుకునే ఉంటాయి.

బయట తీసిన ఫొటో అయితే నీడ కూడా సాక్ష్యమే. మన రెండు రాష్ట్రాలూ భూమధ్యరేఖకు సుమారు 12.5 నుంచి 20 డిగ్రీల ఉత్తరాన ఉన్నాయి. నడి చలికాలంలో కూడా మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఆకాశంలో సగానికి అటూ ఇటూ ఎత్తున ఉంటాడు. హైదరాబాద్‌లో డిసెంబరు చివర మధ్యాహ్నం పన్నెండుంబావుకు నిలబడ్డ మనిషి నీడ అతని ఎత్తు కంటే కొంచెం తక్కువే. న్యూజెర్సీలో అదే రోజు, అక్కడి మిట్టమధ్యాహ్నం నీడ మనిషి ఎత్తుకు రెండింతలు. సంక్రాంతి ముగ్గుల పోటీ ఫొటోలో గోడ గడియారమో కార్యక్రమ పత్రమో మధ్యాహ్నం పన్నెండని చెబుతూ, నీడలు మాత్రం మనుషుల కంటే పొడవుగా పడి ఉంటే అది మన ప్రాంతం కాదు. సమయం తెలియకపోతే మాత్రం ఈ లెక్క పనికిరాదు, సాయంత్రం నాలుగున్నరకు ఎక్కడైనా నీడలు పొడుగే.

బండ్లు ఏ పక్కన నడుస్తున్నాయన్నది అందరికీ తెలిసిన పరీక్షే. అమెరికా, గల్ఫ్ దేశాల్లో కుడి పక్క. బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, మలేషియా, మారిషస్, దక్షిణాఫ్రికాల్లో మనలాగే ఎడమ పక్క. ఈ పరీక్షకు ముందు అక్షరాలు సరిగా ఉన్నాయా అని చూసుకోవాలి. కొన్ని ఫోన్ల సెల్ఫీల్లో బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది. అక్షరాలు తిరగబడి ఉంటే రోడ్డు కూడా తిరగబడినట్టే.

సినిమా సెట్లు ఇంకో చిక్కు. రామోజీ ఫిల్మ్ సిటీలో రైల్వే స్టేషన్, విమానాశ్రయం, విదేశీ వీధుల సెట్లు ఉన్నాయి. అక్కడి బోర్డులు సినిమాకో రకంగా మారతాయి. వాడుకలో ఉన్న వీధిలో బోర్డు మీద దుమ్ము, వైర్ల చిక్కులు, సగం చిరిగిన పాత పోస్టరు మీద కొత్త పోస్టరు ఉంటాయి. సెట్‌లో బోర్డులన్నీ ఒకే వయసువిగా కనిపిస్తాయి, ఫోన్ నంబర్లు ఉండవు, లేదా అంకెలు లెక్కకు సరిపోవు.

ఇక లోపల తీసిన ఫొటోలు. ఓణీల వేడుకో గృహప్రవేశమో, వెనక తెలుగు ఫ్లెక్సీ, ముందు పట్టు చీరలు. ఇలాంటి ఫ్లెక్సీ గుంటూరులో అచ్చు వేయించి పెట్టెలో పెట్టుకుని డాలస్ తీసుకెళ్లినదీ కావచ్చు. బోర్డు ఇక్కడ ఏమీ చెప్పదు, గోడనే అడగాలి. మన ఇళ్లలో స్విచ్‌బోర్డు మీద వరసగా నాలుగైదు స్విచ్చులు, ప్లగ్గుకు మూడు గుండ్రటి రంధ్రాలు, దాని పక్కనే దాని స్విచ్చు. అమెరికాలో నేల దగ్గరగా చిన్న పలక, దానిలో రెండు నిలువు చీలికలు, కింద ఒక గుండ్రటి రంధ్రం, స్విచ్చు ఉండదు. బ్రిటన్, సింగపూర్, మలేషియా, యూఏఈలలో మూడు దీర్ఘచతురస్రాకార రంధ్రాలు. పైకి చూస్తే మన హాల్లో ఫ్యాన్లుంటాయి, అక్కడి హాల్లో సీలింగ్ నిండా నీళ్లు చిమ్మే గొట్టాల మూతులు, తలుపు మీద వెలిగే ఎగ్జిట్ బోర్డు. హైదరాబాద్‌లో కొత్తగా కట్టిన పెద్ద కన్వెన్షన్ హాళ్లలో సీలింగ్ గొట్టాలు, ఎగ్జిట్ బోర్డులు కూడా వచ్చేశాయి. ప్లగ్గు రంధ్రాలు మాత్రం ఇంకా మనవే. ఫొటోలో పెళ్లికూతురి భుజం పక్కనో కుర్చీ కాళ్ల సందులోనో ఆ ప్లగ్గు కనబడుతుందేమో చూడండి.